“కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది సార్”: వాట్సాప్ మెసేజ్‌ను పని మార్పు నోటీసుగా మార్చే పద్ధతి

ఇళ్లు కట్టే చిన్న కాంట్రాక్టర్ల దగ్గర కాగితం పని చూసే ఇంజినీర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. కాంట్రాక్టరు సైటు నుంచి యజమానికి ఏదో ఒక మెసేజ్ పెట్టేస్తాడు. నెల తర్వాత బిల్లులో ఆ మొత్తం కనిపించగానే యజమాని “ఇది ఎప్పుడు అనుకున్నాం?” అంటాడు. ఆ మెసేజ్‌ను నిలబడే కాగితంగా ఎలా మార్చాలి?

ఈ మార్గదర్శి అంతా ఒకే మెసేజ్ మీద నడుస్తుంది. హైదరాబాద్ శివారులో రెండంతస్తుల సొంత ఇల్లు, మెటీరియల్‌తో సహా చదరపు అడుగు లెక్కన ఒప్పందం. 2025 ఏప్రిల్ 8, మంగళవారం సాయంత్రం 6:40కి కాంట్రాక్టరు యజమానికి ఇలా పంపాడు:

“సార్, సంపు 10 అడుగులు చేయమన్నారు కదా. తవ్వుతుంటే 4 అడుగుల దగ్గర రాయి వచ్చింది. కంప్రెసర్ పెట్టాలి. కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది. రెండు రోజులు లేటు కూడా. చూసుకోండి సార్.”

యజమాని జవాబుగా బొటనవేలు పైకెత్తిన గుర్తు ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఆ గుర్తుకు అర్థం “చదివాను” అనా, “సరే, డబ్బు ఇస్తాను” అనా? ఎవరికి కావలసిన అర్థం వారు తీసుకోవచ్చు. మన పని అక్కడే మొదలవుతుంది.

## 1. ముందుగా బల్ల మీద ఉండవలసినవి

నోటీసు రాయడానికి గంట చాలు. కాగితాలు వెతకడానికే ఒక పూట పోతుంది. కాబట్టి వీటిని ముందే ఒక ఫైలులో పెట్టుకోండి.

- ☐ సంతకాలు చేసిన ఒప్పందం, దాని వెనుక జత చేసిన పనుల వివరాలు, రేట్ల పట్టిక
- ☐ ఆమోదించిన డ్రాయింగులు, వాటి మీది తేదీలు
- ☐ పనుల తేదీల పట్టిక (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో)
- ☐ సైటు డైరీ, కొలతల పుస్తకం
- ☐ పని మార్పుల రిజిస్టరు

చివరిది లేకపోతే ఈరోజే ఒక నోటుబుక్కులో గీతలు గీయండి. వరుస సంఖ్య, మెసేజ్ తేదీ, నోటీసు తేదీ, విషయం, అడిగిన మొత్తం, అడిగిన రోజులు, యజమాని జవాబు, చివరికి తేలిన మొత్తం. ఈ ఎనిమిది గడులు చాలు.

చదరపు అడుగు ఒప్పందాల్లో పెద్ద చిక్కు ఈ రేట్ల పట్టికతోనే వస్తుంది. మొత్తం ఇంటికి ఒకే రేటు రాసుకుంటారు. అందులో సంపు తవ్వకానికి ఎంత, కాంక్రీటుకు ఎంత అని విడిగా ఉండదు. ఒప్పందం రోజునే “అదనపు పనుల రేట్లు” అని ఒక పేజీ జత చేసుకోవాలి. మన కేసులో ఆ పేజీ ఉంది. మట్టి తవ్వకం ఘనపు అడుగుకు 12 రూపాయలు, కడ్డీలు, సెంట్రింగ్‌తో కలిపి కాంక్రీటు 420 రూపాయలు, నీరు కారని ప్లాస్టరింగ్ చదరపు అడుగుకు 55 రూపాయలు. ఇవి ఈ ఒప్పందంలోని రేట్లు మాత్రమే. మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి.

## 2. మెసేజ్‌ను ఉన్నది ఉన్నట్టుగా భద్రపరచండి

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల్లోపు మార్చవచ్చు. ఆ తర్వాత కూడా అందరి ఫోన్ల నుంచి తొలగించే వీలు కొంతకాలం ఉంటుంది. అందుకే స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. ఆ సంభాషణ తెరిచి `Export chat` ద్వారా మొత్తాన్ని ఫైలుగా ఆఫీసు మెయిల్‌కు పంపుకోండి. ముందు వెనుక మాటలతో, తేదీలతో, సమయాలతో సహా వస్తుంది.

ఫోటోల విషయంలో ఇంకో జాగ్రత్త. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదిస్తుంది. ఎప్పుడు తీశారన్న వివరం అందులో మిగలదు. గుంతలో రాయి కనిపించే ఫోటోను డాక్యుమెంటుగా పంపమని సూపర్‌వైజరుకు చెప్పండి. ఫోటోలో కొలత టేపు కూడా కనిపించాలి. టేపు లేని గుంత ఫోటో చూసి లోతు నాలుగు అడుగులో ఆరు అడుగులో ఎవరూ చెప్పలేరు.

అసలు ఫోనును కూడా పారేయకండి. వివాదం కోర్టు దాకా వెళితే, ఎలక్ట్రానిక్ రికార్డు నకలుతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాల్సి వస్తుంది. ఆ మెసేజ్ ఏ ఫోనులోదో అందులో చెప్పాలి.

## 3. మెసేజ్‌ను ముక్కలు చేయండి

ఈ పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువ మంది దాటేసేది కూడా ఇదే. కాంట్రాక్టరు ఒక మెసేజ్ పంపాడు కాబట్టి ఒక నోటీసు చాలు అనుకుంటారు. మన మెసేజ్‌ను నెమ్మదిగా మళ్లీ చదవండి. అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది: సంపు పొడవు 8 అడుగుల నుంచి 10 అడుగులకు పెరిగింది. దీనికి కారణం యజమాని కోరిక.

రెండోది: 4 అడుగుల లోతులో రాయి తగిలింది. ఇది ఎవరి కోరికా కాదు, భూమి స్వభావం.

వీటిని కలిపి రాస్తే ఏమవుతుందో చూడండి. యజమాని రాయి ఖర్చు మీద అభ్యంతరం చెబుతాడు. “ఇక్కడ రాయి ఉంటుందని మీకు తెలియదా?” అంటాడు. ఆ గొడవ తేలేదాకా, తాను స్వయంగా కోరిన రెండు అడుగుల డబ్బు కూడా ఆగిపోతుంది. విడివిడిగా రాస్తే మొదటి నోటీసుకు ఆ పూటే సంతకం వస్తుంది.

ముక్కలు చేసేటప్పుడు ప్రతి ముక్కకూ ఒక్క ప్రశ్న వేయండి: ఇది ఎందుకు వచ్చింది? యజమాని కోరాడా, డ్రాయింగు మారిందా, నేలలో అనుకోనిది బయటపడిందా, లేక మన వాళ్ల పొరపాటును మనమే సరిచేస్తున్నామా? చివరిదైతే నోటీసు రాయకండి. మన తప్పుకు ఒక్కసారి డబ్బు అడిగితే, తర్వాత న్యాయంగా పంపే నోటీసులను కూడా యజమాని అనుమానంతోనే చదువుతాడు.

## 4. ఖాళీలు నింపడానికి ఫోను చేయండి

“కొంచెం”, “రెండు రోజులు”, “చూసుకోండి” అనే మాటలకు నోటీసులో చోటు లేదు. కాంట్రాక్టరుకు గానీ, సైటులో ఉన్న మేస్త్రీకి గానీ ఫోను చేసి ఇవి అడగండి:

- ☐ 10 అడుగులు చేయమని ఎవరు చెప్పారు? ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు?
- ☐ పొడవు మాత్రమేనా, వెడల్పు, లోతు కూడా మారాయా?
- ☐ రాయి గుంత అంతటా ఉందా, ఒక మూలేనా? ఏ లోతు నుంచి?
- ☐ గునపంతో కదులుతుందా, పగలగొట్టాల్సిందేనా?
- ☐ కంప్రెసర్ ఎప్పటి నుంచి దొరుకుతుంది? రోజుకు ఎంత?
- ☐ పక్కన ఇంకే పని ఆగుతుంది?

మన కేసులో వచ్చిన జవాబులు ఇవి. యజమాని ఏప్రిల్ 5, శనివారం సైటుకు వచ్చినప్పుడు సూపర్‌వైజరు, మేస్త్రీల ముందు నోటిమాటగా చెప్పారు. పొడవు మాత్రమే మారింది. గుంత అడుగంతా రాయి పరుచుకుని ఉంది, పగలగొట్టాల్సిందే. కంప్రెసర్ 11వ తేదీ నుంచి దొరుకుతుంది, మనుషులతో కలిపి రోజుకు 9,000 రూపాయలు, మూడు రోజులు పడుతుంది.

ఆరో ప్రశ్నకు మేస్త్రీ చెప్పిన జవాబు నోటీసును మార్చేసింది. “సంపు పక్కనే పోర్టికో స్తంభాల ఫుటింగులు ఉన్నాయి. పక్కన రాయి కొడుతుంటే పచ్చి కాంక్రీటు మీద దెబ్బ పడుతుంది. కొట్టడం అయ్యాకే పోయాలి.” కాంట్రాక్టరు మెసేజ్‌లో ఈ ఊసే లేదు. రెండు రోజుల ఆలస్యానికి అసలు కారణం మాత్రం ఇదే.

## 5. పాత పని ఏమిటో ఒక వాక్యంలో రాయండి

దేనితో పోలిస్తే మార్పు అని చెప్పకపోతే అది మార్పు అని చూపించలేరు. ఒప్పందంలో “8,000 లీటర్ల సంపు” అని ఉంది. డ్రాయింగులో లోపలి కొలతలు 8 × 6 × 6 అడుగులు. అంటే 288 ఘనపు అడుగులు, దాదాపు 8,155 లీటర్లు. ఒప్పందానికీ డ్రాయింగుకూ పొత్తు కుదిరింది. కొత్త కొలత 10 × 6 × 6 అడుగులు. 360 ఘనపు అడుగులు, దాదాపు 10,190 లీటర్లు.

ఇక రాయి గురించి ఒప్పందంలో ఏముందో వెతకాలి. మన ఒప్పందంలో “తవ్వకం మట్టిలో మాత్రమే, రాయి వస్తే వాస్తవ ఖర్చు, దాని మీద మరో 10 శాతం” అన్న వాక్యం ఉంది. అది ఉండబట్టే రెండో నోటీసు నిలబడింది. “అన్ని రకాల నేలల్లో” అని ఉండి ఉంటే రెండో నోటీసు రాయడం వృథా. ఒకవేళ ఒప్పందం ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, నోటీసు పంపి పని మొదలుపెట్టకముందే రేటు మాట్లాడుకోవాలి.

ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని వల్ల ఒకరు లాభపడితే పరిహారం ఇవ్వాలని భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 70వ సెక్షన్ చెబుతుంది. దాన్ని నమ్ముకుని కాగితం మానేసేవారు ఉన్నారు. ఆ సెక్షన్ పట్టుకుని కోర్టులో గెలవడం వేరు, మొదటి స్లాబుకు ముందు బిల్లు చేతికి రావడం వేరు.

## 6. ఖర్చు లెక్క: పెరిగినదాన్నే లెక్కించండి

### మొదటి నోటీసు: పొడవు పెంపు

సంపు గోడలు, అడుగు, పైకప్పు అన్నీ 6 అంగుళాల కాంక్రీటు. చుట్టూ సెంట్రింగ్ పెట్టడానికి ఒక అడుగు చోటు కావాలి. కాబట్టి పాత గుంత 11 × 9 అడుగులు, లోతు 7 అడుగులు. కొత్త గుంత 13 × 9, లోతు అంతే. పెరిగింది రెండు అడుగుల పొడవు.

- మట్టి తవ్వకం, పై 4 అడుగుల వరకు: 2 × 9 × 4 = 72 ఘనపు అడుగులు × 12 = 864 రూపాయలు
- కాంక్రీటు: అడుగు 7, పైకప్పు 7, రెండు పొడవు గోడలు 12, మొత్తం 26 ఘనపు అడుగులు × 420 = 10,920 రూపాయలు
- లోపలి ప్లాస్టరింగ్: అడుగు 12, గోడలు 24, మొత్తం 36 చదరపు అడుగులు × 55 = 1,980 రూపాయలు

మొత్తం 13,764 రూపాయలు.

ఇక్కడ దీని మీద మళ్లీ 10 శాతం వేయకూడదు. రేట్ల పట్టికలోని రేట్లలో కాంట్రాక్టరు లాభం అప్పటికే కలిసి ఉంది. రెండుసార్లు లాభం వేసిన నోటీసును యజమాని తరఫు ఇంజినీరు ఒక్క చూపులో పట్టుకుంటాడు.

### రెండో నోటీసు: రాయి

4 అడుగుల నుంచి 7 అడుగుల దాకా రాయి. 13 × 9 × 3 = 351 ఘనపు అడుగులు. రాయి పగిలాక ఉబ్బుతుంది. ఒకటిన్నర రెట్లు వేసుకుంటే 526 దాకా అవుతుంది. ట్రాక్టరు ట్రాలీకి 100 చొప్పున ఆరు ట్రిప్పులు.

- కంప్రెసర్ 3 రోజులు × 9,000 = 27,000 రూపాయలు
- రాళ్లు తరలింపు 6 ట్రిప్పులు × 1,200 = 7,200 రూపాయలు
- ఒప్పందం ప్రకారం 10 శాతం = 3,420 రూపాయలు
- తీసివేత: పాత గుంతలో ఇదే లోతుకు మట్టి తవ్వకం 11 × 9 × 3 = 297 ఘనపు అడుగులు × 12 = 3,564 రూపాయలు

నికరం 34,056 రూపాయలు.

ఆ తీసివేత గురించి కాంట్రాక్టర్లు నాతో వాదిస్తుంటారు. “మన డబ్బు మనమే ఎందుకు తగ్గించుకోవాలి?” అని. ఆ 297 ఘనపు అడుగులను మట్టిగా తవ్వే ఖర్చు ఇంటి రేటులో ముందే కలిసి ఉంది. అదే గుంతకు మట్టి డబ్బు, రాయి డబ్బు రెండూ తీసుకోవడం కుదరదు. తీసివేత మనమే చూపిస్తే మిగతా అంకెల మీద యజమాని బేరం తగ్గుతుంది. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను.

జీఎస్టీ వర్తిస్తే విడి వరుసలో చూపండి. మెటీరియల్‌తో సహా చేసే ఇంటి నిర్మాణానికి, కాంట్రాక్టరు నమోదై ఉంటే, 18 శాతం పడుతుంది. పై లెక్కలు పన్నుకు ముందువి.

## 7. రోజుల లెక్క: పనికి పట్టే రోజులు వేరు, ఇల్లు ఆలస్యమయ్యే రోజులు వేరు

రాయి కొట్టడానికి మూడు రోజులు పడుతుంది కాబట్టి గడువు మూడు రోజులు పెంచమని రాస్తారు. అది తప్పు. ఒక పనికి ఎన్ని రోజులు పడుతుందన్నది కాదు, దాని వెనుక వరుసలో ఉన్న పని ఎన్ని రోజులు వాయిదా పడుతుందన్నది చూడాలి.

మన పట్టికలో పోర్టికో ఫుటింగుల కాంక్రీటు 12వ తేదీన ఉంది. రాయి కొట్టడం 11, 12, 13 తేదీల్లో. కాబట్టి ఫుటింగులు 14కు వెళ్తాయి. వాయిదా పడింది రెండు రోజులు. ఫుటింగుల మీద స్తంభాలు, స్తంభాల మీద మొదటి స్లాబు. మధ్యలో ఎక్కడా ఖాళీ రోజులు లేవు. కాబట్టి ఇల్లు అప్పగించే తేదీ కూడా రెండు రోజులు జరుగుతుంది. కాంట్రాక్టరు నోటిలెక్క సరైనదే, కాకపోతే కారణం చెప్పలేదు.

మరి పొడవు పెంచినందుకు ఎన్ని రోజులు? అదనపు కడ్డీ పనికి ఒక రోజు పడుతుంది. కానీ సంపు పూర్తయ్యే దాకా ఆగవలసిన పని ఏదీ పట్టికలో లేదు. కాబట్టి గడువు మీద ప్రభావం సున్నా. “సున్నా రోజులు” అని రాయండి. గడి ఖాళీగా వదలకండి. ఖాళీ గడిని చూసి ఒకరు ప్రభావం లేదనుకుంటారు, మరొకరు ఇంకా చెప్పలేదనుకుంటారు.

అదనపు పనిలో స్లాబో, బీమో ఉంటే సెంట్రింగ్ విప్పే కాలాన్ని కూడా కలపాలి. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల వరకు స్పాన్ ఉన్న స్లాబు కింద ఆధారాలు మామూలుగా 7 రోజులు, అంతకన్నా ఎక్కువైతే 14 రోజులు ఉండాలి. పోసిన రోజుతో పని అయిపోయిందని రాస్తే ఈ వారం మన నెత్తిన పడుతుంది.

ఇంకొక సంగతి: యజమాని జవాబు ఆలస్యమైతే? దాన్ని కూడా నోటీసులోనే చెప్పాలి. ఏ తేదీ లోపు జవాబు వస్తే ఈ రెండు రోజుల లెక్క నిలుస్తుందో రాయండి.

## 8. నోటీసు రాయండి

ఒక పేజీ దాటకూడదు. కోపం, జాలి, పొగడ్త ఏవీ వద్దు. రాయి నోటీసు ఇలా వచ్చింది:

> పని మార్పు నోటీసు సంఖ్య: 04
> తేదీ: 9 ఏప్రిల్ 2025
>
> విషయం: సంపు తవ్వకంలో రాయి; ఖర్చు, గడువుపై ప్రభావం
>
> ఆధారం: 8 ఏప్రిల్ 2025 సాయంత్రం 6:40కి మీకు పంపిన వాట్సాప్ మెసేజ్ (నకలు జత చేశాం), ఒప్పందంలో తవ్వకానికి సంబంధించిన నిబంధన.
>
> ఒప్పందంలోని పని: సంపు కోసం మట్టిలో 7 అడుగుల లోతు తవ్వకం.
>
> ఎదురైన పరిస్థితి: 8 ఏప్రిల్‌న 4 అడుగుల లోతులో గుంత అడుగంతా రాయి బయటపడింది. టేపుతో తీసిన మూడు ఫోటోలు జత చేశాం.
>
> చేయవలసిన పని: కంప్రెసర్‌తో సుమారు 351 ఘనపు అడుగుల రాయి తొలగింపు, తరలింపు.
>
> ఖర్చు ప్రభావం: రూ. 34,056 (పన్ను అదనం). లెక్క జత చేశాం. ఇది అంచనా, కంప్రెసర్ రోజులు, ట్రిప్పులు ఇరుపక్షాలు రోజూ సంతకం చేసే చీటీల ప్రకారం చివరి మొత్తం తేలుతుంది.
>
> గడువు ప్రభావం: 2 రోజులు. రాయి కొట్టే రోజుల్లో పక్కనున్న పోర్టికో ఫుటింగుల కాంక్రీటు పోయలేం. అది 12 నుంచి 14 ఏప్రిల్‌కు, అప్పగించే తేదీ అంతే మేరకు జరుగుతాయి.
>
> మీ నిర్ణయం: 10 ఏప్రిల్ సాయంత్రం 6 గంటల లోపు తెలియజేయగలరు. ఆ తర్వాత ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ పై తేదీలు ఒక్కో రోజు జరుగుతాయి. మీ ఆమోదం వచ్చేవరకు సంపు గుంతలో పని ఆపి, మిగతా పనులు కొనసాగిస్తాం.
>
> ☐ ఆమోదిస్తున్నాను ☐ ఆమోదించడం లేదు ☐ మాట్లాడాలి
> యజమాని సంతకం, తేదీ:

పొడవు పెంపు నోటీసు (సంఖ్య 03) కూడా ఇదే అచ్చు. అందులో “ఆధారం” దగ్గర మాత్రం ఇలా రాశాం: “5 ఏప్రిల్ 2025న మీరు సైటులో సూపర్‌వైజరు, మేస్త్రీ సమక్షంలో నోటిమాటగా ఇచ్చిన సూచన. మా అవగాహన తప్పయితే వెంటనే తెలియజేయగలరు.” నోటిమాటను కాగితం మీదికి తేవడానికి ఇంతకన్నా మర్యాదైన వాక్యం నాకు దొరకలేదు.

## 9. పంపండి, జవాబు రాబట్టండి

నోటీసును పీడీఎఫ్‌గా చేసి, ఒప్పందంలో రాసిన చిరునామాకు, మెయిల్‌కు పంపండి. అదే వాట్సాప్ సంభాషణలో కూడా పెట్టండి. మెసేజ్ ఎక్కడ మొదలైందో నోటీసు కూడా అక్కడే కనిపిస్తే తర్వాత వెతుక్కునే పని ఉండదు.

దానితో పాటు రెండు వాక్యాల మెసేజ్ పెట్టమని కాంట్రాక్టరుకు చెప్పండి: “సార్, నిన్న చెప్పిన సంపు విషయం వివరంగా పంపాను. రెండు కాగితాలు ఉన్నాయి, చూసి రేపు సాయంత్రం లోపు చెప్పండి సార్.” ముందస్తు మాట లేకుండా “నోటీసు” అన్న కాగితం చేతికొస్తే కేసు వేస్తున్నారేమో అని యజమాని కంగారు పడతాడు. ఆ మాట భయపెడుతుందనుకుంటే శీర్షికను “పని మార్పు పత్రం” అని మార్చుకోండి. లోపలి విషయం మాత్రం తగ్గించకండి.

సంతకం వస్తే సరే. “సరే” అని మెసేజ్ వస్తే, నోటీసు సంఖ్య, మొత్తం రాసి తిరిగి అడగండి: “04వ నోటీసు, 34,056 రూపాయలు, 2 రోజులు. ఆమోదమేనా సార్?” దానికి వచ్చే “అవును” వేరే బరువు మోస్తుంది.

ఏ జవాబూ రాకపోతే పని మొదలుపెట్టకండి. గుంత కూలుతుందనో, పక్క గోడకు ప్రమాదమనో ఉంటే ఆ మేరకు రక్షణ పని మాత్రం చేసి, ఎందుకు చేశారో అదే రోజు రాసి పంపండి.

పెద్ద ఒప్పందాల్లో పనిచేసేవారికి ఒక మాట. అక్కడ నోటీసుకు గడువు ఉంటుంది. ఉదాహరణకు అంతర్జాతీయ నిర్మాణ ఒప్పందాల నమూనా అయిన ఫిడిక్ 1999 రెడ్ బుక్ ప్రకారం, విషయం తెలిసిన రోజు నుంచి 28 రోజుల్లో క్లెయిము నోటీసు ఇవ్వకపోతే హక్కే పోవచ్చు. లెక్కలు పూర్తికాలేదని ఆగకండి. ముందు నోటీసు ఇచ్చి, వివరాలు తర్వాత పంపండి.

## 10. తరచూ కనిపించే పొరపాట్లు, సవరణలు

నెల రోజుల మెసేజ్‌లను ఒకేసారి నోటీసులుగా మార్చడం. రాయి తీసేసి, సంపు కట్టేసి, పైన టైల్స్ పరిచాక ఎవరు కొలుస్తారు? అలా ఆలస్యమైపోతే నోటీసుకు పాత తేదీ వేయకండి. ఈరోజు తేదీనే వేసి, మెసేజ్ తేదీని “ఆధారం”లో చూపండి. మిగిలిన చీటీలు, ట్రాక్టరు రసీదులు, సైటు డైరీ పేజీలు జత చేయండి.

గుండుగుత్తగా ఒకే మొత్తం రాయడం. “సంపు ఎక్స్‌ట్రా 50,000” అని రాస్తే బేరం మొదలవుతుంది, అది 35,000 దగ్గర ఆగుతుంది. మన రెండు నోటీసులు కలిపి 47,820. ప్రతి రూపాయికీ కొలత ఉంది కాబట్టి యజమాని ఇంజినీరు కొలతను తనిఖీ చేశాడు, బేరం ఆడలేదు.

కాంట్రాక్టరు మాటలను మెరుగుపరచడం. మెసేజ్‌లో “నాలుగు అడుగులు” అని ఉండి, టేపు మీద 4 అడుగుల 3 అంగుళాలు ఉంటే? మెసేజ్‌ను ఉన్నట్టే జత చేసి, నోటీసులో టేపు కొలత రాసి, తేడా ఉందని ఒక వాక్యంలో చెప్పండి. రెంటినీ బలవంతంగా ఒకటి చేయబోతే తర్వాత రెండూ అనుమానంలో పడతాయి.

## 11. పని ముగిశాక లెక్క మూసేయండి

ఆమోదించిన నోటీసులో “అంచనా” అన్న మాట ఉంది కదా. దాన్ని తేల్చకుండా అదే మొత్తాన్ని బిల్లులో పెట్టకూడదు.

- ☐ రోజూ సంతకం చేసిన కంప్రెసర్ చీటీలు
- ☐ ట్రిప్పుల రసీదులు
- ☐ రాయి తీసిన తర్వాత గుంత కొలతలు, ఇరుపక్షాల సంతకాలతో
- ☐ రిజిస్టరులో చివరి గడి

మన సైటులో కంప్రెసర్ మూడో రోజు మధ్యాహ్నానికే పని ముగించింది. రెండున్నర రోజులకు 22,500, ఆరు ట్రిప్పులకు 7,200, కలిపి 29,700. పది శాతం 2,970. తీసివేత 3,564. చివరి మొత్తం 29,106 రూపాయలు. అనుకున్నదానికన్నా 4,950 తక్కువ. గడువు మాత్రం రెండు రోజులే ఉంచాం. 13వ తేదీ మధ్యాహ్నం రాయి ముగిసినా, గుంతలోని రాళ్లు ఎత్తి, ఫుటింగు కడ్డీల మీద పడిన దుమ్ము కడిగేసరికి చీకటి పడింది. కాంక్రీటు 14 ఉదయమే పోశారు. సైటు డైరీలో ఆ సాయంత్రం ఏం జరిగిందో నాలుగు వరుసలు రాసి ఉండటం వల్ల ఆ సగం రోజు గురించి ఎవరూ అడగలేదు.